సున్నా నిజమా, సమాచారం రాలేదా: మిర్చి డాష్‌బోర్డు ప్రాజెక్టు డైరీ

సోమవారం రాత్రి

మా రైతు ఉత్పత్తిదారుల సంఘం కోసం నడుపుతున్న ఎండుమిర్చి డాష్‌బోర్డు రోజూ రాత్రి ఎనిమిది తర్వాత కొత్త లెక్కలతో పబ్లిష్ అవుతుంది. గుంటూరు, ఖమ్మం, వరంగల్ యార్డులకు ఆ రోజు ఎన్ని క్వింటాళ్ల సరుకు వచ్చింది, ఎక్కువ సరుకు ఏ ధరకు పోయింది అన్నవి అందులో ఉంటాయి. లెక్కలన్నీ ఒక బహిరంగ ఏపీఐ నుంచి వస్తాయి. మార్కెట్ పేరు, సరుకు పేరు, తేదీ ఇచ్చి అడిగితే వరుసలు పంపుతుంది.

ఇవాళ పబ్లిష్‌కు ముందు ప్రివ్యూలో వరంగల్ మామూలుగానే ఉంది. గుంటూరు 0, ఖమ్మం 0. రెండింటికీ వచ్చిన జవాబు అచ్చంగా ఒకటే:

```json
{"status": "ok", "total": 0, "count": 0, "records": []}
```

ఎర్రర్ లేదు. హెచ్‌టీటీపీ కోడ్ 200. లాగ్‌లో అంతా పచ్చగా ఉంది. పబ్లిష్ ఆపి, గుంటూరులో కమీషన్ కొట్టు నడిపే బాబాయికి ఫోన్ చేశాను.

"బాబాయ్, ఇవాళ యార్డు నడిచిందా?"

"నడవకేంరా, పొద్దున్నుంచీ కాటాలు ఆగలేదు. తేజ రకం బాగానే పోయింది. ఏం, ఎవరన్నా సెలవన్నారా?"

ఖమ్మం సంగతి సంఘంలోని ఒకతన్ని అడిగితే, అక్కడ ఇవాళ స్థానిక సెలవనీ, గేటు దగ్గర నోటీసు కూడా పెట్టారనీ చెప్పాడు. అంటే ఖమ్మం సున్నా నిజం, గుంటూరు సున్నా అబద్ధం. మా స్క్రిప్టు కంటికి మాత్రం రెండూ ఒకటే.

శీతల గిడ్డంగిలో మిర్చి బస్తాలు పెట్టుకున్న రైతు డాష్‌బోర్డులో గుంటూరు దగ్గర సున్నా చూస్తే, యార్డు మూసేశారనుకుని మర్నాడు బండి కట్టడం మానుకుంటాడు. వారం మొత్తం రాకలో ఒక రోజు తప్పుడు సున్నా కలిస్తే సరుకు రావడం తగ్గిపోయిందన్న భ్రమ కలుగుతుంది. రాక తగ్గితే ధర పెరుగుతుందని ఎదురుచూసేవాళ్లు మా సంఘంలోనే చాలామంది ఉన్నారు. అందుకే ఈ రాత్రి గుంటూరు గడిలో అంకె వెయ్యలేదు. "సమాచారం అందలేదు" అని చేత్తో రాసి మిగతాది వదిలాను. ఇలా రోజూ ఫోన్ల మీద నడవదు. ఈ తేడాను స్క్రిప్టే పట్టుకోవాలి.

మంగళవారం

గుంటూరు సున్నా ఎక్కడ పుట్టిందో వెతకడానికి ఫిల్టర్లను ఒక్కొక్కటిగా వదులు చేస్తూ పోయాను. ముందు మార్కెట్, సరుకు, తేదీ మూడూ పెట్టి అడిగితే సున్నా. సరుకు తీసేసి మార్కెట్, తేదీ మాత్రం పెడితే నాలుగు వరుసలు వచ్చాయి. ఆ నాలుగింటిలోనూ సరుకు పేరు `Chili Red` అని ఉంది. మా ఫిల్టరులో ఉన్నది `Dry Chillies`. సమాచారం వస్తూనే ఉంది, పేరు మారింది, మా ఫిల్టరుకు ఏదీ తగల్లేదు. ఏపీఐ వైపు నుంచి చూస్తే ఇందులో తప్పేమీ లేదు. ఆ పేరుతో వరుసలు ఉన్నాయా అని అడిగాం, లేవని నిజాయితీగా చెప్పింది.

ఖమ్మానికి కూడా అదే వరసలో అడిగాను. సరుకు తీసేసినా సున్నానే. మార్కెట్ కూడా తీసేసి తెలంగాణ మొత్తానికి, అదే తేదీకి అడిగితే ఎప్పుడూ వచ్చినన్ని వరుసలు ఉన్నాయి. అంటే మూలం బతికే ఉంది, రాష్ట్రంలో మిగతా మార్కెట్లు లెక్కలు పంపాయి, ఖమ్మం ఒక్కటే ఏ సరుకు గురించీ ఏమీ పంపలేదు. మూసిన యార్డు తీరు ఇలాగే ఉంటుంది.

ఈ మెట్లు దిగడంలో ఒక లాభం కనిపించింది. సున్నా కాని అంకె ఏ మెట్టు మీద మొదట వస్తుందో, జబ్బు దానికి పై మెట్టులో ఉంటుంది. మార్కెట్ మెట్టు మీద వరుసలు వచ్చాయంటే సరుకు పేరును అనుమానించాలి. రాష్ట్రం మెట్టు మీద వచ్చాయంటే ఆ మార్కెట్‌నో, ఆ మార్కెట్ పేరునో చూడాలి. రాష్ట్రం మెట్టు మీద కూడా ఏమీ లేకపోతే ఆ రోజు మూలమే నిండలేదు, ఇక ఏ యార్డు గురించీ మనం ఏమీ చెప్పకూడదు.

పేర్లు మారడం మన దగ్గర అరుదేమీ కాదు. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, తర్వాత 33. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలు 26 అయ్యాయి, నరసరావుపేట గుంటూరు జిల్లాలోంచి పల్నాడులోకి వెళ్లింది. జిల్లా పేరుతో ఫిల్టరు రాసుకున్న పాత స్క్రిప్టు నరసరావుపేట లెక్కల్ని గుంటూరు జిల్లాలో వెతికితే ఏమీ దొరకదు. అక్కడ వ్యాపారం మాత్రం జరుగుతూనే ఉంటుంది. వరంగల్ సంగతి ఇంకా చిక్కు. పాత పేరు పోయిందంటే సున్నా వస్తుంది కాబట్టి ఏదో ఒక రోజు కంటపడుతుంది. కానీ `Warangal` అన్న అదే పేరు వేరే భూభాగానికి అంటుకుంటే సున్నా కూడా రాదు, వేరే అంకె వస్తుంది. అందుకే మా ఫిల్టర్లలోంచి జిల్లాను పూర్తిగా తీసేసి, మార్కెట్ మీదే ఆధారపడేలా మార్చాను.

బుధవారం

ఇవాళ మన వైపు చూశాను. మూలం ఏమీ పంపకపోయినా సున్నాను తయారుచేసే చోట్లు మా సొంత కోడ్‌లో ఉన్నాయేమోనని అనుమానం. రెండు దొరికాయి.

మొదటిది కూడిక. పాండాస్‌లో ఖాళీ వరుసను కూడితే ఖాళీ అని రాదు, సున్నా అని వస్తుంది:

```python
import pandas as pd
s = pd.Series([], dtype="float64")
s.sum()              # 0.0
s.sum(min_count=1)   # nan
```

గడులన్నీ `NaN` అయినా `sum()` ఇచ్చేది 0.0 మాత్రమే. గణితంలో ఖాళీ సమితి మొత్తం సున్నా కాబట్టి ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కానీ మనకు కావలసింది వేరు. ఒక్క వరుసైనా ఉంటేనే మొత్తం చెప్పు, లేకపోతే తెలియదని చెప్పు అనాలి. `min_count=1` ఆ పని చేస్తుంది. ఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకు ఇది తిరగబడి ఉంటుంది. వరుసలు లేని చోట `SUM` ఇచ్చేది `NULL`, `COUNT` ఇచ్చేది 0. అక్కడ సున్నా పుట్టేది ఎవరో `COALESCE(SUM(qty), 0)` అని రాసినప్పుడు. చార్టులో గీత తెగకుండా ఉండాలని రాసి ఉంటారు. ఆ గీత తెగడమే నాకు కావాలి.

రెండోది తేదీల జాబితాతో కలిపే చోట ఉన్న `fillna(0)`. నెలలోని అన్ని తేదీలనూ ఎడమవైపు పెట్టి, వచ్చిన వరుసలను కుడివైపు నుంచి కలిపి, మిగిలిన ఖాళీలను సున్నాతో నింపుతోంది. ఆదివారం సెలవు, మూలం పడిపోయిన రోజు, మార్కెట్ తెరిచినా మిర్చి రాని రోజు, మూడూ ఇక్కడే ఒక్క అంకెగా మారిపోతున్నాయి. ఒక్కసారి మారాక వెనక్కి విడదీయడం ఎవరి తరమూ కాదు. ఆ లైను తీసేసి, ప్రతి తేదీకీ అంకె పక్కన స్థితి అనే ఇంకో గడి పెట్టాను. వరుసలు వచ్చినప్పుడు అంకె అందులోంచి వస్తుంది. వరుసలు లేనప్పుడు సున్నా రాయాలంటే స్థితి గడి ఒప్పుకోవాలి. లేదంటే ఖాళీగానే ఉంటుంది.

గురువారం

రాష్ట్రం మెట్టు మీద "ఎప్పుడూ వచ్చినన్ని" అన్నాను. అంటే ఎన్ని? దీని మీద ఇవాళంతా కూర్చున్నాను, ఎందుకంటే మొత్తం పరీక్ష దీని మీదే నిలబడుతుంది.

ఈ ఆలోచనకు దారి చూపింది పోలియో నిఘా. మన దేశంలో అడవి పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో కనిపించింది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియోరహిత ధ్రువీకరణ వచ్చింది. ఆ మధ్య కాలమంతా సున్నా కేసులే. అయితే ఆ సున్నాను నమ్మడం ఎలా? నిఘా సిబ్బంది పోలియోను మాత్రమే వెతకరు. పదిహేనేళ్లలోపు పిల్లల్లో హఠాత్తుగా కాళ్లూ చేతులూ చచ్చుబడే ప్రతి కేసునూ నమోదు చేసి, మల పరీక్షకు పంపుతారు. పోలియో కాకుండా వేరే కారణాలతో అలా చచ్చుబడే పిల్లలు ఎక్కడైనా కొందరు ఉంటారు. లక్ష మంది పిల్లలకు ఏడాదికి కనీసం ఒక్క అలాంటి కేసైనా దొరకాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కనీస ప్రమాణం. ఆ కేసులు కూడా దొరకని జిల్లాలో పోలియో సున్నా అని ఎంత గట్టిగా చెప్పినా ఎవరూ ఒప్పుకోరు. అక్కడ వెతికేవాళ్లు వెతకడం లేదని అర్థం. పైగా కేసులు లేని వారం కూడా ఆసుపత్రులు ఊరుకోవు, "సున్నా" అని నివేదిక పంపాలి. పంపిన సున్నాకూ పంపని నివేదికకూ తేడా అలా నిలుస్తుంది.

మా ఏపీఐలో మార్కెట్లు "ఇవాళ సున్నా" అని పంపే ఏర్పాటు లేదు. వ్యాపారం లేకపోతే వరుసే ఉండదు. కాబట్టి మొదటి దారినే పట్టుకోవాలి: మనం చూస్తున్న అంకె పక్కన, అదే గొట్టంలోంచి వచ్చే, సున్నా కావడానికి వీల్లేని మరో అంకె. ఖమ్మానికి అది ఆ మార్కెట్‌లోనే దొరుకుతుంది. పత్తి సీజన్‌లో అక్కడ పత్తి వస్తూ మిర్చి రాకపోతే, మార్కెట్ నుంచి నివేదిక వచ్చిందనీ మిర్చి మాత్రం లేదనీ తెలుస్తుంది. గుంటూరు యార్డుకు ఆ వీలు లేదు. అది మిర్చి యార్డు, తోడుగా చూడడానికి అక్కడ వేరే సరుకు ఉండదు. కాబట్టి దానికి తోడు అంకె రాష్ట్రం స్థాయిలోనే వెతుక్కోవాలి: ఆ రోజు ఆంధ్రప్రదేశ్ మొత్తంలో ఎన్ని మార్కెట్లు ఏదో ఒక సరుకుకు వరుస పంపాయి.

ఆ లెక్కను నిన్నటితో పోల్చకూడదు. గుంటూరు యార్డు శని, ఆదివారాలు నడవదు, మరికొన్ని మార్కెట్లదీ అదే తీరు. శనివారాన్ని శుక్రవారంతో పోలిస్తే ప్రతి వారం అబద్ధపు అలారం మోగుతుంది, నాలుగు వారాల్లో ఎవరూ దాన్ని పట్టించుకోరు. గత ఎనిమిది శనివారాల మధ్యస్థంతో ఈ శనివారాన్ని పోల్చాలి. సగటు బదులు మధ్యస్థం ఎందుకంటే, ఆ ఎనిమిదిలో ఒకటి సంక్రాంతో ఉగాదో అయితే సగటు కిందికి జారుతుంది, మధ్యస్థం అంతగా కదలదు. ఇవాళ్టి లెక్క ఆ మధ్యస్థంలో సగం కంటే తక్కువైతే మూలం నిండలేదని తీసుకుంటాను. సగం అన్నది లెక్కకట్టి తేల్చింది కాదు, పాత లాగ్‌లు చూసి పెట్టుకున్న గీత. పెద్ద పండగ రోజు ఈ గీత తప్పకుండా తప్పుతుంది. ఆ రోజు "సమాచారం అందలేదు" అని పడినా నష్టం లేదు, తప్పుడు సున్నా కంటే అదే నయం.

శుక్రవారం

కోడ్ రాసేశాను. అసలు భాగం ఇంతే, ఇందులో `own` మన సరుకు వరుసల సంఖ్య, `floor` నిన్న చెప్పిన సగం గీత:

```python
def judge(own, market_rows, new_names, state_mkts, floor, closed):
    if state_mkts < floor:
        return "source_incomplete"
    if own > 0:
        return "ok"
    if market_rows > 0:
        return "check_name" if new_names else "true_zero"
    return "closed" if closed else "unknown"
```

మొదటి ప్రశ్న రాష్ట్రం గురించే ఉండటం కావాలని చేసిందే. యార్డుకు అంకె వచ్చినా సరే, మూలం సగమే నిండి ఉంటే ఆ అంకె కూడా సగమే కావచ్చు. సాయంత్రం ఆరింటికి ఒక రకం, తొమ్మిదింటికి మిగతా రకాలు ఎక్కించే మార్కెట్లు ఉంటాయి.

మార్కెట్‌కు వరుసలున్నా మన సరుకుకు లేవనుకుందాం. అప్పుడు ఆ వరుసల్లో ఇంతకుముందు ఎప్పుడూ చూడని సరుకు పేరు ఏదైనా ఉందా అని `new_names` చూస్తుంది. కొత్త పేరు ఉంటే మనిషి చూడాలి, బహుశా మన సరుకే కొత్త పేరుతో వచ్చి ఉంటుంది. అన్నీ తెలిసిన పేర్లే అయితే మిర్చి నిజంగా రాలేదని రాయొచ్చు. మొత్తం పట్టికలో స్క్రిప్టు తనంతట తాను సున్నా రాసే చోటు ఇదొక్కటే.

మార్కెట్ నుంచి అసలేమీ రాకపోతే సెలవుల జాబితా చూస్తుంది. ఆ జాబితా నేను చేత్తో నింపే ఫైలు. గుంటూరు మిర్చి యార్డుకు ప్రతి వేసవిలో మే, జూన్ నెలల మధ్య దాదాపు నెల రోజులు సెలవులు ఇస్తారు. తేదీలు ఏటా మారతాయి, కాబట్టి ప్రకటన వచ్చాకే ఫైల్లో ఎక్కించాలి. అప్పుడు గడిలో సున్నా పడదు, "యార్డు సెలవు" అని పడుతుంది. జాబితాలో లేకుండా మార్కెట్ మౌనంగా ఉంటే `unknown`. దానికి మాత్రం ఇప్పటికీ ఫోనే.

తాజాదనం ఎలా చూడాలన్న ప్రశ్న కూడా ఇవాళే తేలింది. ఏపీఐ జవాబులో "చివరిసారి అప్‌డేట్ అయిన సమయం" అని ఒక గడి ఉంది, మొదట దాన్నే నమ్ముదామనుకున్నాను. పాత జవాబులు తిరగేస్తే, లోపల వరుసలన్నీ ముందు రోజువే అయినా ఆ సమయం మాత్రం ముందుకు కదిలిన సందర్భాలు కనిపించాయి. అది ఫైలు తయారైన సమయం. దానికీ లోపలి లెక్కల వయసుకూ సంబంధం లేదు. వరుసల్లో ఉన్న రాక తేదీల్లో అన్నిటికన్నా కొత్తది ఏదో చూడడమే సరైన పద్ధతి. ఆ తేదీ ఇవాళ్టిది కాకపోతే మూలం ఇంకా నిన్నటి దగ్గరే ఉంది.

శనివారం

కావాలని విరగ్గొట్టి చూసే రోజు. ప్రతి రాత్రి వచ్చిన జవాబును ముట్టుకోకుండా ఫైలుగా దాచుకుంటున్నాం కాబట్టి, పాత రోజులను మళ్లీ నడపడం తేలిక.

సోమవారం ఫైలు పెట్టి నడిపితే గుంటూరుకు `check_name`, ఖమ్మానికి `closed` వచ్చాయి. సరుకు పేర్ల జాబితాలో `Chili Red` చేర్చి మళ్లీ నడిపితే గుంటూరు `ok` అయి అసలు అంకె కనిపించింది. నిన్నటి ఫైలుకు ఇవాళ్టి తేదీ అంటగట్టి నడిపితే మూడు యార్డులకూ `source_incomplete`. జవాబు బదులు ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ పెట్టాను, కోటా అయిపోయినప్పుడు కొన్ని సర్వర్లు 200 కోడ్‌తోనే ఇలాంటి పేజీ పంపుతాయి. జేసన్ చదివే దశలోనే ఆగింది, పాత డాష్‌బోర్డు చెక్కుచెదరలేదు.

ఒక పరీక్ష మాత్రం దాటలేదు. జవాబులో `total` 340, `count` 100 ఉన్న రోజు ఒకటి దొరికింది. ఒక్క పేజీకి వంద వరుసల హద్దు ఉంది, మిగతా పేజీలు అడగాల్సిన లూపు మధ్యలో టైమౌట్ అయి నిశ్శబ్దంగా బయటికొచ్చింది. వరంగల్ మిగతా సరుకుల వరుసలు మొదటి పేజీలో, మిర్చి వరుసలు మూడో పేజీలో ఉండటంతో వరంగల్ సున్నా అయింది. మార్కెట్ల సంఖ్య సగం గీతకు కాస్త పైనే ఉండటంతో మొదటి తనిఖీ కూడా దాన్ని వదిలేసింది. ఇప్పుడు అన్ని పేజీలూ తెచ్చాక చేతిలో ఉన్న వరుసలు `total`కు సమానం కాకపోతే అక్కడే ఆగిపోతుంది. ఈ తనిఖీకి మధ్యస్థాలూ గీతలూ అక్కర్లేదు. మూలం స్వయంగా చెప్పిన అంకెతో పోల్చి చూడటమే కాబట్టి అన్నిటికంటే ముందు దీన్నే పెట్టాను.

ఆదివారం

పబ్లిష్ నియమాలు రాసి సంఘం వాళ్లకు చూపించాను. ఒక యార్డు స్థితి తేలకపోతే మిగతా యార్డులు ఆగవు, కానీ మూడు యార్డుల మొత్తం అన్న అంకె ఆ రోజుకు కనిపించదు. రెండింటిని కూడి మూడింటి మొత్తమని చూపడం తప్పు. తేలని గడిలో చివరిగా తెలిసిన ధర, దాని పక్కనే అది ఏ తేదీదో. చార్టులో ఆ రోజు గీత తెగుతుంది. `source_incomplete` అయితే పేజీ అసలు మారదు, పైన "సమాచారం ఫలానా తేదీ వరకు" అన్న పట్టీ మాత్రం ఎర్రగా అవుతుంది.

గీత తెగడం మీద ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. చూసేవాళ్లు డాష్‌బోర్డు పాడైందనుకుంటారని ఆయన బాధ. గీత తెగిన చోట వేలు పెడితే కారణం కనిపించేలా చేస్తానన్నాను, సరేనన్నారు.

మార్కెట్లు ఆలస్యంగా ఎక్కించే వరుసల కోసం ప్రతి రాత్రి గడిచిన ఏడు రోజులను మళ్లీ అడుగుతుంది. అప్పటిదాకా `true_zero` కూడా తాత్కాలికమే, పక్కన చిన్న చుక్క ఉంటుంది. ఏడు రోజుల తర్వాత కూడా వరుస రాకపోతే చుక్క పోతుంది.

ఇంకా మిగిలింది `unknown`. ఈ రాత్రి పాత నెలల ఫైళ్లు నడిపితే వరంగల్‌కు అలాంటి రోజులు కొన్ని తేలాయి, సెలవు జాబితాలో లేవు, రాష్ట్రం మెట్టు మీద లెక్క మామూలుగా ఉంది. ఆ తేదీలను కాగితం మీద రాసుకున్నాను. రేపు యార్డు తెరిచాక అక్కడి గుమాస్తాను అడిగి, సెలవులైతే ఫైల్లో చేర్చాలి, కాకపోతే ఆ రోజుల గడులు ఖాళీగానే వదిలెయ్యాలి.